చిన్న ముల్లు ఎక్కడుంది? ఏడేళ్ల బాలికకు మొదటి చేతిగడియారం ఎంపికపై ఒక కేస్ స్టడీ

నేను రాజమహేంద్రవరంలో, లెక్కల్లో ఎక్కడో ఒకచోట ఆగిపోయిన ప్రాథమిక తరగతుల పిల్లలకు విడిగా పాఠాలు చెబుతాను. గత జూలైలో ఒక తల్లి రెండో తరగతి చదువుతున్న తన ఏడేళ్ల కూతురిని నా దగ్గరకు తీసుకువచ్చారు. కూడికలు, తీసివేతలు బాగానే చేసే పాప గడియారం దగ్గరికి వచ్చేసరికి తడబడుతోందని, కొన్నిసార్లు సరిగ్గా చెబుతూ కొన్నిసార్లు ఏకంగా ఒక గంట ఎక్కువ చెబుతోందని ఆమె చెప్పారు. పుట్టినరోజుకు మేనమామ కొనిచ్చిన చేతిగడియారం అప్పటికే పాప చేతికి ఉంది. దాన్ని తీసేసి అంకెలు కనిపించే డిజిటల్ వాచీ కొనాలా, లేక ఇంకో ముళ్ల వాచీ కొనాలా అన్నది ఆమె ప్రశ్న. పాప పొద్దున తనంతట తాను లేవాలని ఒక అలారం టైంపీసు కూడా అప్పటికే కొన్నారు. దాని సంగతి తరువాత చెబుతాను.

పిల్లలకు ఏ గడియారం కొనాలని ఎవరడిగినా నేను ముందుగా అడిగేది, ఇప్పుడు పిల్ల ఏ తప్పు చేస్తోందన్నదే. తప్పు ఎప్పుడూ ఒకే తీరులో వస్తుంటే, ఆ తీరును బట్టే ఎలాంటి గడియారం కావాలో తెలుస్తుంది. ఏ తీరో తెలియకుండా దుకాణానికి వెళ్తే బొమ్మను చూసో రంగును చూసో కొనుక్కుని వస్తాం.

అందుకని మొదటిరోజు పాఠం చెప్పకుండా, పాప చేతి వాచీ మీదే కీ తిప్పుతూ 12 వేళలు పెట్టి, ఒక్కొక్కటి ఏమిటో చెప్పమన్నాను. 2:10, 4:15, 6:05 లాంటివన్నీ తొట్రుపాటు లేకుండా చెప్పింది. 3:50 పెడితే "నాలుగూ యాభై టీచర్" అంది. 7:45ను ఎనిమిదీ నలభై ఐదు అని, 10:55ను పదకొండూ యాభై ఐదు అని, 1:40ను రెండూ నలభై అని చదివింది. 12లో తప్పినవి ఆ నాలుగే. నాలుగింటిలోనూ నిమిషాలు సరిగ్గా ఉన్నాయి, గంట మాత్రం ఒకటి ఎక్కువైంది. నాలుగూ 40 నిమిషాలు, ఆపైన ఉన్న వేళలే.

ఇది టీచర్లందరికీ తెలిసిన తప్పులాగే కనిపిస్తుంది. చిన్న ముల్లు 3కూ 4కూ మధ్య ఉన్నప్పుడు, దాటి వచ్చిన అంకెను చెప్పాలని తెలియని పిల్లలు దానికి దగ్గరగా ఉన్న అంకెను చెప్పేస్తారు. 3:50కి ముల్లు 4కు ఆనుకునే ఉంటుంది కాబట్టి నాలుగు అంటారు. నేను కూడా అదే అనుకుని, "చిన్న ముల్లు నాలుగును దాటిందా, ఇంకా దాటలేదా చూడమ్మా" అన్నాను. పాప వాచీని కంటి దగ్గరకు తెచ్చుకుని చూసి, "దాటింది టీచర్" అంది. నేను వంగి చూశాను. నిజంగానే దాటి ఉంది.

అప్పుడు కీని తిప్పి సరిగ్గా 12 గంటలు పెట్టాను. పెద్ద ముల్లు 12 మీద నిలిచింది. దానికింద దాగిపోవలసిన చిన్న ముల్లు, 12కూ 1కీ మధ్య ఉన్న దూరంలో సుమారు మూడో వంతు ముందుకు జరిగి ఉంది. చిన్న ముల్లు ఒక అంకె నుంచి తరువాతి అంకెకు వెళ్లడానికి 60 నిమిషాలు పడుతుంది కనుక, ఆ దూరంలో మూడో వంతు అంటే 20 నిమిషాలు. ఈ వాచీలో చిన్న ముల్లు ఎప్పుడూ పెద్ద ముల్లు కంటే 20 నిమిషాలు ముందు నడుస్తోందన్న మాట. కాబట్టి ఏ గంటలోనైనా 40వ నిమిషం వచ్చేసరికే అది తరువాతి అంకెను చేరుతుంది, ఆపై 20 నిమిషాలూ దాన్ని దాటే ఉంటుంది. పాప చేసిన నాలుగు తప్పులూ ఆ 20 నిమిషాల్లోవే.

నిర్ధారించుకోవడానికి నా గదిలోని గోడగడియారాన్ని కిందికి దించి అవే 12 వేళలు పెట్టాను. 10:55 దగ్గర మాత్రం తడబడి, తనే దిద్దుకుని, మిగిలిన 11 సరిగ్గా చెప్పింది. దగ్గరి అంకెను చెప్పే అలవాటున్న బిడ్డ అయితే గోడగడియారం మీద కూడా, అరగంట దాటినప్పటి నుంచే తప్పేది. ఈ పాప తప్పు ఒక్క వాచీ మీదే, 40వ నిమిషం తరువాతే వస్తోంది. తను చూసింది చూసినట్టు చెప్పినందుకు మూడు నెలలుగా ఇంట్లో మందలింపులు పడుతోందని తెలిసి నాకు చాలా బాధ కలిగింది. ఆ మాట తల్లికి చెబితే ఆమె పాపను దగ్గరకు తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా వీధి చివర వాచీలు బాగుచేసే పెద్దాయనకు దాన్ని చూపించాను. వెనుక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి ఆయన అన్నది ఇది: "ముళ్లు గుచ్చేటప్పుడు రెండింటినీ పన్నెండు మీదికి తెచ్చి గుచ్చాలమ్మా. దీనికి చిన్నముల్లు అడ్డంగా గుచ్చేశారు. మెషీన్ బాగానే ఉంది, టైము కూడా తప్పదు." ఆయన చెప్పింది తల్లిదండ్రులు కొంచెం నిదానంగా అర్థం చేసుకోవలసిన విషయం. సెల్లు వాచీలో ముళ్లు సన్నని గొట్టాల మీద బిగుతుగా గుచ్చి ఉంటాయి, మర ఏదీ ఉండదు. లోపలి పళ్లచక్రాలు పెద్ద ముల్లు 12 చుట్లు తిరిగితే చిన్న ముల్లు ఒక చుట్టు తిరిగేలా నడిపిస్తాయి, ఆ లెక్క తప్పదు. కానీ మొదట ఏ కోణంలో గుచ్చితే ఆ తేడా ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. పెద్దవాళ్లం ఇది గమనించం. మనం పెద్ద ముల్లు చూసి నిమిషాలు తెలుసుకుంటాం, గంట మనకు దాదాపు ముందే తెలిసి ఉంటుంది. అప్పుడే నేర్చుకుంటున్న బిడ్డకు గంట తెలిసేది చిన్న ముల్లు నుంచే.

ఇదే లోపం చాలా తరగతి గదుల్లో ఇంకో రూపంలో ఉంది. అట్టతో చేసిన గడియారానికి నడిమధ్య పిన్ను గుచ్చి రెండు ముళ్లు తగిలిస్తాం. ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా అవి తిరుగుతాయి. మూడున్నర చూపించమంటే పిల్లలు పెద్ద ముల్లును 6 మీద, చిన్న ముల్లును సరిగ్గా 3 మీద పెడతారు, మనం సరే అంటాం. అసలు గడియారంలో అలాంటి స్థానం ఎప్పటికీ రాదు. మూడున్నరకు చిన్న ముల్లు 3కూ 4కూ సరిగ్గా నడుమ ఉంటుంది. నేను కూడా చాలా ఏళ్లు అలాంటి అట్ట గడియారాలతోనే చెప్పాను, ఇప్పుడు మానేశాను. దానికి బదులు వాడినదేమిటో ముందు ముందు చెబుతాను.

ఈ పాప తప్పు ఈ తీరుది. నేను ఇతర పిల్లల్లో తరచుగా చూసేవి మరో రెండున్నాయి. మొదటిది పైన చెప్పిన దగ్గరి అంకె తప్పు. అన్ని గడియారాల మీదా వస్తుంది, అరగంట దాటాక మొదలవుతుంది. అలాంటి బిడ్డకు చిన్న ముల్లు కొస సన్నగా ఉండి, అంకెల దగ్గరి దాకా చేరే వాచీ కావాలి. ముల్లు పొట్టిగా, మొద్దుగా ఉంటే అది అంకెను దాటిందో లేదో కంటికి తెలియదు. రెండోది ముళ్లు తారుమారు కావడం. 2:20ని 4:10 అని చదువుతారు. చిన్న ముల్లు 2 దగ్గర ఉంది కాబట్టి పది నిమిషాలు, పెద్దది 4 మీద ఉంది కాబట్టి నాలుగు గంటలు అన్నమాట. రెండు ముళ్లూ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే రంగులో ఉన్న వాచీల మీద ఈ తప్పు ఎక్కువ. వారికి ముళ్ల రంగులు, పొడవులు స్పష్టంగా వేరుగా ఉండాలి. ఏ తప్పుకు ఏ వాచీ అన్నది ఇంత నేరుగా ముడిపడి ఉంటుంది.

ఇక డిజిటల్ వాచీ ప్రశ్న. దాన్ని పక్కన పెట్టడానికి కారణం తల్లికి మాటల్లో చెప్పకుండా పాపతోనే చూపించాను. కాగితం మీద 3:50 అని రాసి, "ట్యూషన్ 4:15కి. ఇంకా ఎంతసేపుంది?" అని అడిగాను. పాప 415 లోంచి 350 తీసేసి 65 నిమిషాలు అంది. తీసివేతగా చూస్తే అది తప్పు కాదు. కానీ గంటకు 60 నిమిషాలే కాబట్టి జవాబు 25. తరువాత గోడగడియారం మీద 3:50 పెట్టి అదే ప్రశ్న అడిగితే, పెద్ద ముల్లు 10 మీది నుంచి 3 మీదికి ఎన్ని అంకెలు దూకాలో వేలితో లెక్కపెట్టి, ఐదు దూకులు, ఒక్కొక్కటి ఐదు, ఇరవై ఐదు అని చెప్పింది. ఏడేళ్ల బిడ్డకు గంట ఎంతైందన్నదానికంటే ఇంకా ఎంతసేపుందన్నదే ఎక్కువ అవసరం. అది డయల్ మీద దూరంలా కంటికి కనిపిస్తుంది, డిజిటల్ అంకెల్లో కనిపించదు.

మన మాటతీరు కూడా డయల్‌కే సరిపోతుంది. ఈ పాప ఇంట్లో నాయనమ్మ 3:45ని "పావు తక్కువ నాలుగు" అంటారు, తల్లి "మూడూ ముప్పావు" అంటారు, వంటింట్లో అందరూ "నాలుగు కావస్తోంది" అంటారు. డిజిటల్ అంకెలు మాత్రమే చూసిన బిడ్డకు "పావు తక్కువ నాలుగు"లో నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. డయల్ మీద చిన్న ముల్లు 4కు చేరువలో ఉండి, ఇంకా పావు వంతు దూరం మిగిలి ఉండడం కనిపిస్తుంది. ఈ మాటలు పిల్లలను కలవరపెడతాయని వాటిని మానేయమనే టీచర్లున్నారు. నేను ఒప్పుకోను. మాట అన్నప్పుడల్లా చిన్న ముల్లును వేలితో చూపించమని మాత్రం ఇంట్లో వారికి చెబుతాను.

తాతగారు తన దగ్గరున్న పాత కీ వాచీని మనవరాలికి ఇస్తానన్నారు. ఆయన ప్రేమ నాకు అర్థమైంది, కానీ వద్దని చెప్పవలసి వచ్చింది. దాని డయల్ మీద అంకెలు లేవు, 12 గీతలే ఉన్నాయి. రోజూ కీ ఇవ్వడం మరచిపోతే ఆగిపోతుంది, ఆగిన వాచీని చూసి చదివితే ఆ చదువు కూడా పాడవుతుంది. పాప పెద్దయ్యాక ఇద్దురుగాని అని నచ్చజెప్పాం.

మరి పాత వాచీనే బాగుచేయించి ఎందుకు వాడుకోలేదని అడగవచ్చు. రిపేరు చేసే ఆయన చిన్న ముల్లును లేపి, 12 మీద పెద్ద ముల్లుతో కలిపి మళ్లీ గుచ్చారు. అది పది నిమిషాల పని. చిక్కు వెనుక మూతతో వచ్చింది. మూత వదులుగా ఉండి గోరుతో లేపితే ఊడి వస్తోంది, లోపల సెల్లు చేతికి అందుతోంది. ఇంట్లో పాపకు రెండేళ్ల తమ్ముడున్నాడు. గుండీ ఆకారంలో ఉండే సెల్లును పిల్లలు మింగితే, ముఖ్యంగా డిజిటల్ వాచీలలో వాడే నాణెమంత లిథియం సెల్లు అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాలినట్టు తీవ్రమైన గాయం కావచ్చు. ముళ్ల వాచీల్లోని సెల్లు సాధారణంగా అంతకంటే చిన్నది, ఇరుక్కునే అవకాశం తక్కువ. అయినా అది మింగినా, ముక్కులో చెవిలో పెట్టుకున్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. అందుకని ఆ వాచీలో సెల్లు తీయించేశాను. సెల్లు లేకపోయినా కీ లాగి తిప్పితే రెండు ముళ్లూ సరైన లెక్కలో కలిసి తిరుగుతాయి. అట్ట గడియారానికి బదులు నేను ఈ పాపతో వాడినది అదే. మేనమామ ఇచ్చిన వాచీ పారేయవలసిన అవసరం రాలేదు, పాప కూడా సంతోషించింది.

కొత్త వాచీ కొనడానికి తల్లి, పాప, నేను ముగ్గురం కలిసి వెళ్లాం. 800 రూపాయల లోపు అని ముందే అనుకున్నాం. దుకాణదారు పిల్లల వాచీల ట్రే బయటపెట్టగానే పాప కళ్లు మెరుపుల బెల్టు మీద పడ్డాయి. రంగు నీ ఇష్టం, ముళ్లు మా ఇష్టం అని ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకుని వచ్చాం కాబట్టి గొడవ లేకుండా సాగింది.

మొదట చేతిలోకి తీసుకోకుండానే కొన్నిటిని పక్కన పెట్టాం. 12, 3, 6, 9 మాత్రమే ఉన్నవి, రోమన్ అంకెలున్నవి, డయల్ మధ్యలో పెద్ద బొమ్మ ఉండి ముళ్లు అందులో కలిసిపోయేవి, డయల్ లోపల ఇంకా చిన్న చిన్న డయల్స్ ఉన్నవి. ఒక వాచీలో ముళ్లకు బదులు బొమ్మలు అంటించిన పలకలు తిరుగుతున్నాయి. చూడడానికి ముచ్చటగా ఉన్నా కొస ఎక్కడుందో తెలియదు. మిగిలినవి అయిదు.

ఆ అయిదింటినీ ఒక్కొక్కటిగా కీ లాగి పరీక్షించాం. ఇది రెండు నిమిషాల పని, ఏ దుకాణదారూ కాదనడు. ముందు 12 గంటలు పెట్టాలి, చిన్న ముల్లు పెద్ద ముల్లు కింద సరిగ్గా దాగిపోవాలి. తరువాత 6 గంటలు, రెండు ముళ్లూ నిలువుగా ఒకే గీతలా ఉండాలి. ఆ తరువాత మూడున్నర, తొమ్మిదిన్నర పెట్టి, చిన్న ముల్లు రెండు అంకెలకూ సరిగ్గా నడుమ ఉందో లేదో చూడాలి. చివరగా 3:55 పెట్టి, చిన్న ముల్లు 4కు ఇటువైపే ఉందని బిడ్డ చేతే చెప్పించాలి. ముళ్లను ఎప్పుడూ ముందుకు తిప్పుతూనే ఆపాలి. ముందుకూ వెనక్కూ తిప్పి ఆపితే పళ్ల మధ్య ఉండే సందు వల్ల ఒకట్రెండు నిమిషాల తేడా కనిపించి, మంచి వాచీని కూడా అనుమానిస్తాం. వాచీని కంటికి ఎదురుగా పట్టుకుని చూడడం కూడా అవసరం, పక్కనుంచి చూస్తే ముల్లు జరిగినట్టు కనిపిస్తుంది.

అయిదింటిలో రెండు ఈ పరీక్షలో పోయాయి. ఒకదానిలో తేడా కొద్దిగానే, 5 నిమిషాలంత. పెద్దవారికైతే నేను పట్టించుకోను. కానీ 3:55కి చిన్న ముల్లు సరిగ్గా 4 మీద కనిపించే వాచీని నేర్చుకునే బిడ్డకు ఇవ్వను. ధరకూ దీనికీ సంబంధం ఉంటుందనుకోకూడదు. పోయిన రెండింటిలో ఒకటి ట్రేలో అన్నిటికంటే ఖరీదైనది.

మిగిలిన మూడింటిలో ఒకదానికి అంకెల బయట 5, 10, 15 అంటూ 60 వరకు నిమిషాల అంకెలు కూడా రాసి ఉన్నాయి. రెండు వరుసల అంకెలు బిడ్డను తికమక పెడతాయని కొందరంటారు. అది నిజమే, రెండు వరుసలూ ఒకే రంగులో, ఒకే సైజులో ఉంటే. ఇందులో నిమిషాల వరుస చిన్నగా, నీలంగా ఉంది, పెద్ద ముల్లు కూడా నీలమే. గంటల అంకెలు, చిన్న ముల్లు ఎరుపు. పాపకు అయిదో ఎక్కం ఆరు వరకే గట్టిగా వచ్చు, కాబట్టి ఆ వరుస ఆమెకు పనికివస్తుందని దాన్నే తీసుకున్నాం. అయిదో ఎక్కం పూర్తిగా వచ్చిన బిడ్డకైతే వరుస లేనిదే తీసుకోమనేదాన్ని.

డయల్ వెడల్పు దాదాపు 30 మిల్లీమీటర్లు. పాప మణికట్టు చుట్టుకొలత 13 సెంటీమీటర్లు, డయల్ మణికట్టు అంచులు దాటి బయటకు రాలేదు. బెల్టు గుడ్డది, ఒకే ముక్కగా వాచీ కిందుగా వెళ్లేది. రెండు ముక్కల బెల్టుకు ఒకవైపు పిన్ను ఊడితే వాచీ కింద పడిపోతుంది, ఇందులో ఒకటి ఊడినా రెండో పిన్ను పట్టుకుని ఉంటుంది. వెనుక మూత గోరుతో రాలేదు. 30 మీటర్ల నీటి నిరోధం అని రాసి ఉంటే అది చేతులు కడిగినప్పుడు పడే తుంపర్లకే కానీ ఈతకు కాదని తల్లికి చెప్పాను.

ఇంట్లో చేయవలసినదిగా రెండు పనులు మాత్రమే ఇచ్చాను. రిపేరు చేసే ఆయన ఒక పాత గోడగడియారానికి పెద్ద ముల్లు, సెకన్ల ముల్లు తీసి ఇచ్చారు. సెకన్ల ముల్లును పైకి లాగి, నడిమి నట్టు విప్పితే అవి వచ్చేస్తాయి, గడియారం మామూలుగా నడుస్తుంది. ఒక్క చిన్న ముల్లే ఉన్న ఆ గడియారాన్ని వంటింట్లో పెట్టించాను. దాన్ని చూసి పాప "మూడు దాటింది", "మూడున్నర అయినట్టుంది", "నాలుగు కావస్తోంది" అని చెప్పాలి, నిమిషాల ఊసు వద్దు. గంట ఒక్క చిన్న ముల్లుతోనే తెలుస్తుందని పిల్లలకు అలవాటయ్యేది ఇలాగే. రెండో పని, రోజుకు మూడుసార్లు, బడికి వెళ్లేటప్పుడు, వచ్చాక, భోజనానికి ముందు, చేతి వాచీ చూసి వేళ చెప్పడం. తల్లి ఒక నోట్‌బుక్కులో అసలు వేళ, పాప చెప్పిన వేళ పక్కపక్కన రాసేవారు. దిద్దవద్దని, రాసుకోమని మాత్రమే చెప్పాను.

మొదటి వారం 21లో 6 తప్పులు. పాత వాచీ మూడు నెలలు నేర్పిన అలవాటు ఒక్కరోజులో పోదు. ఈ ఆరింటిలో నాలుగు గంట తప్పులు, రెండు నిమిషాల తప్పులు. నాలుగో వారానికి మొత్తం రెండు. ఆరో వారంలో ఒకటే, అది కూడా 7:58 దగ్గర. గంటకు రెండు మూడు నిమిషాల ముందు చిన్న ముల్లు అంకె మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, అక్కడ పెద్ద ముల్లు 12ను దాటిందా లేదా చూసి తేల్చుకోవాలి. ఆ మెట్టు ఏడేళ్ల పిల్లలకు కొంత ఆలస్యంగానే వస్తుంది, దాన్ని తొందరపెట్టలేదు.

ఇప్పుడు అలారం టైంపీసు. రెండో వారంలో తల్లి ఫోన్ చేసి, వాచీ బాగానే చదువుతోంది కానీ మంచం పక్క టైంపీసు చూసి ఎప్పుడూ ఆరే అంటోందన్నారు. రాత్రి 8:20కి "ఆరూ ఇరవై", 9 గంటలకు "ఆరు". ఎప్పుడూ ఒకే గంట చెప్పడమే దీని గుర్తు. ఆ టైంపీసుకు అలారం కోసం నాలుగో ముల్లు ఉంది. పొడవు చిన్న ముల్లంతే, రంగు పసుపు. అలారం పొద్దున ఆరుకు పెట్టారు కాబట్టి ఆ ముల్లు కదలకుండా 6 మీదే నిలిచి ఉంది. పాప దాన్నే గంటల ముల్లనుకుంది.

ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. ఇలాంటి ముళ్ల టైంపీసుకు పొద్దున ఆరు, సాయంత్రం ఆరు తేడా తెలియదు. ఒక సాయంత్రం పాప అయిదున్నరకే మీట పైకి లేపి పెట్టేసరికి, ఆరు గంటలకు అది మోగింది. పాప బెదిరిపోయింది. పొద్దున ఆరుకు మోగాలంటే సాయంత్రం ఆరు దాటాకే మీట లేపాలన్నది పెద్దలకు కూడా ఒకసారి అనుభవమైతే గానీ తట్టదు.

చేతి వాచీ మీద చదవడం స్థిరపడేదాకా ఆ టైంపీసును బీరువాలో పెట్టమని, పాపను తల్లే లేపమని చెప్పాను. మేలుకోవడం నేర్పే వస్తువుతోనే వేళ చదవడం కూడా నేర్పాలనుకోవడం నాకు సరిగా తోచదు. డిసెంబరులో దుకాణంలో మార్పించుకుని వేరేది తెచ్చారు. ఇందులో అలారం ముల్లు చిన్న ముల్లులో సగం పొడవు, సన్నగా, డయల్ మధ్యలోనే ఆగిపోతుంది. కొనేముందు అలారం ముల్లును సరిగ్గా 6 మీద పెట్టి, వేళను 5:45 నుంచి మెల్లగా ముందుకు తిప్పుతూ ఎక్కడ మోగుతుందో చూశాం. 6:04కి మోగింది. ఈ రకం టైంపీసుల్లో కొన్ని నిమిషాల తేడా మామూలే. దాన్ని పాపకు ముందే చెప్పాం, లేకపోతే తనే తప్పు చదివాననుకునేది. చెవి దగ్గర పెట్టుకుని టిక్కుటిక్కు కూడా విన్నాం, సెకన్ల ముల్లు ఆగి ఆగి కాకుండా జారుతున్నట్టు తిరిగేది తీసుకుంటే రాత్రి చప్పుడుండదు.

ఈ మార్చిలో పాప వాచీ ఆగిపోతే తల్లి సెల్లు మార్పించారు. ఇంటికి రాగానే పాప కీ లాగి ముందుకు తిప్పి 12 గంటలు పెట్టి చూసిందట. రెండు ముళ్లూ కలిసే ఉన్నాయి. సెల్లు మార్చినప్పుడు, గట్టిగా కింద పడినప్పుడు ఈ ఒక్క పరీక్ష మళ్లీ చేయమని చెప్పి ఉన్నాను, ముళ్లు అదురుకు కొద్దిగా జరగవచ్చు. ఏప్రిల్‌లో వారు తమ్ముడి పుట్టినరోజుకు నన్ను పిలిచినప్పుడు చూస్తే, వంటింట్లో ఒక్క ముల్లు గడియారం ఇంకా గోడకే ఉంది. నాయనమ్మ దాన్ని తీయనివ్వడం లేదు.